మాటల్లేని నాన్న పోయాడు, స్నేహితుడికి ఏమని మెసేజ్ పెట్టాలి?

కృష్ణాతీరం (శుక్రవారం, ఉదయం 7:40)

మా స్నేహితుడి నాన్నగారు మంగళవారం తెనాలిలో పోయారు. వీడు పదో తరగతిలో ఉండగా ఆయన ఇంకో కాపురం పెట్టుకుని వెళ్ళిపోయారు. ఎనిమిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. పెద్దకొడుకు కాబట్టి కబురు రాగానే హైదరాబాదు నుంచి వెళ్ళి తలకొరివి పెట్టాడు.

నిన్న రాత్రి ఫోన్ చేసి, "ఏడుపు రావట్లేదురా. కబురు వినగానే హమ్మయ్య అనిపించింది. నేను మనిషినేనా?" అన్నాడు. మూడు వారాల కింద ఆయన ఫోన్ చేస్తే వీడు ఎత్తలేదట. ఆ మాటే నాలుగుసార్లు చెప్పాడు. నాకేం అనాలో తోచక "రేపు మాట్లాడదాం పడుకో" అని పెట్టేశాను.

ఇప్పుడు ఇలా రాసుకున్నాను. పంపేముందు మీకు చూపిద్దామని:

"ఒరేయ్, అంకుల్ ఆత్మకి శాంతి కలగాలి. ఎంతైనా కన్నతండ్రి కదరా, పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకు, క్షమించెయ్. ఆ ఫోన్ గురించి ఆలోచించకు, నీ తప్పేం లేదు. కాలమే అన్నీ మాన్పుతుంది. ధైర్యంగా ఉండు, అమ్మని చూసుకో. ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు."

ఇందూరు_మల్లన్న

అయ్యో, మీ నాన్న పోయిండా అన్నా. మనసు గట్టి చేసుకో. దినాలు అయ్యేదాక ఒక్కనివి ఉండకు.

కృష్ణాతీరం

నాకు కాదు మల్లన్నా, నా స్నేహితుడికి. వాడికి నేనేం చెప్పాలన్నదే నా ప్రశ్న.

ఇందూరు_మల్లన్న

సగం చదివి రాసిన, ఏమనుకోకు. గట్లయితే సీదా చెప్పు: ఆయన చేసినదానికి నువ్వు ఏడ్వాల్సిన పనే లేదు, పీడ పోయిందనుకో అని. వాని దిక్కు మనం నిలబడ్డట్టు వానికి తెల్వాలె.

నిదానం

కృష్ణాతీరం గారూ, దుఃఖంలో ఉన్నవాళ్ళతో మాట్లాడటమే నా ఉద్యోగం, అందుకని కాస్త వివరంగా రాస్తాను. మీ మెసేజ్‌లో చెడ్డ మాట ఒక్కటీ లేదు. కానీ అది మామూలుగా తండ్రి పోయిన కొడుక్కి రాసింది. మీవాడు మిమ్మల్ని అడిగింది వేరే.

వాడు రాత్రి ఒక ప్రశ్న వేశాడు, "నేను మనిషినేనా" అని. మీరు "ఎంతైనా కన్నతండ్రి కదా" అంటే దానికి జవాబు ఇచ్చేసినట్టే: కన్నతండ్రికి కూడా ఏడవనివాడివి నువ్వు, అని. మీరు ఆ అర్థంతో అనరు, వాడికి మాత్రం అలాగే వినిపిస్తుంది. ఈ నాలుగు రోజుల్లో ఆ ముక్క బాబాయిలూ మేనత్తలూ కనీసం పదిసార్లు అనేసి ఉంటారు. పదకొండోది మీ దగ్గర్నుంచి అక్కర్లేదు.

"క్షమించెయ్" అన్నదీ తీసెయ్యండి. క్షమించడం తప్పని కాదు, అది మనం పురమాయించే పని కాదు. అవతలి మనిషి తప్పు ఒప్పుకోకుండానే పోయాడు. ఏ తప్పుని ఎవరి తరఫున మాఫీ చెయ్యాలో వాడికింకా తెలీదు. ఇప్పుడు చెయ్యమంటే పైకి సరే అని, ఇకమీదట మీ దగ్గర కోపం దాచుకుంటాడు. అసలు మాట చెప్పుకునే ఒక్క మనిషినీ అలా పోగొట్టుకుంటాడు.

మల్లన్న గారి మాటలో ఆప్యాయత ఉంది. కానీ దాంట్లోనూ చిక్కుంది. వాడు తండ్రిని తిట్టొచ్చు, మనం గొంతు కలపకూడదు. పది రోజులు పోయాక ఏ చిన్నప్పటి సైకిలో గుర్తొచ్చి వాడికి ఆయన మీద బెంగ పుడుతుంది. అప్పుడు "పీడ పోయింది" అన్న మనిషి దగ్గరికి ఆ బెంగ పట్టుకుని ఎలా వస్తాడు?

ఇందూరు_మల్లన్న

మీరన్నది సమజైంది మేడమ్. కానీ తండ్రి తప్పు చేసిండని ఒక్కడన్న గట్టిగా అనకపోతే, ఆ పోరడు తననే తప్పుపట్టుకుంటడు. ఊరంతా ఆయన్ని దేవుడని పొగుడుతుంటె మనం గూడ సప్పుడు చెయ్యకుంటె ఎట్ల?

నిదానం

అది న్యాయమైన మాటే. చేసిన పనికి పేరు పెట్టొచ్చు. "ఆయన వెళ్ళిపోయాక మీరు పడ్డ ఇబ్బంది నాకు తెలుసు" అనొచ్చు. "ఆయన చెడ్డవాడు" అనడం దీనిలాంటిది కాదు. మొదటిది మీవాడు చూసిన నిజానికి సాక్ష్యం, రెండోది ఆయన మీద తీర్పు. ఊరు పొగుడుతున్నప్పుడు వాడికి కావలసింది సాక్షి.

గోదారిగట్టు

ఇవన్నీ ఎందుకండీ, దుఃఖానికి ఐదు దశలు ఉంటాయి. ముందు నమ్మలేకపోవడం, తర్వాత కోపం, బేరం, దిగులు, చివరికి ఒప్పుకోవడం. మీ ఫ్రెండ్ మొదటి దశలో ఉన్నాడు, అందుకే ఏడుపు రావట్లేదు. ఇంకో వారంలో కోపం, ఆ తర్వాత ఏడుపు వస్తాయి. ఈ మాట చెప్పండి, ధైర్యంగా ఉంటాడు.

నిదానం

గోదారిగట్టు గారూ, ఆ ఐదూ నిజంగా కనిపించేవే. కానీ వరస మాత్రం నమ్మకండి. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో అది రాసింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి, వాళ్ళ మనస్థితి గురించి. వెనక మిగిలినవాళ్ళకి దాన్ని తర్వాత తగిలించారు. మీవాడికి "వచ్చే వారం ఏడుస్తావు" అని చెప్పామనుకోండి, రాకపోతే అదో కొత్త నేరం.

వీడి విషయంలో ఇంకో సంగతి ఉంది. కోపం వీడికి రాబోయే దశ కాదు, పదిహేనేళ్ళ వయసులోనే వచ్చి కూర్చుంది. తండ్రి ఇల్లు వదిలిన రోజు నుంచీ వీడు ఆయన్ని కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు శవాన్ని చూస్తే ఏడుపు రాకపోవడంలో వింతేమీ లేదు. "హమ్మయ్య" కూడా అంతే. ఎప్పుడు ఏ కబురు వస్తుందో, ఏ పెళ్ళిలో ఎదురుపడాలో అని ఏళ్ళ తరబడి బిగబట్టిన ఊపిరి వదిలాడు. ఆ చావు కోరుకున్నట్టు కాదు.

మీరు ఒకే ఒక్క మాట చెప్పగలిగితే అది చెప్పండి. "హమ్మయ్య అనిపించడం, బాధ, కోపం మూడూ ఒకే రోజు ఉండొచ్చురా. ఒకటి ఉందని ఇంకోటి అబద్ధం కాదు."

తులసికోట

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాది డల్లాస్. అమ్మ పోయి ఐదు నెలలైంది. తనకీ నాకూ ఎప్పుడూ పడేది కాదు. టికెట్ దొరికినా నేను వెళ్ళలేదు. ఇక్కడి తెలుగువాళ్ళు ఎవరు పలకరించినా "పాపం, ఆఖరి చూపు కూడా దక్కలేదు" అంటున్నారు. దక్కకపోవడం కాదు, నేనే వద్దనుకున్నాను. ఆ మాట పైకి అనలేక తల ఊపి ఊరుకుంటున్నాను. ఇలా ఎన్నాళ్ళు?

నిదానం

తులసికోట గారూ, అడిగిన ప్రతివాళ్ళకీ నిజం చెప్పాల్సిన బాకీ లేదు మీకు. దారినపోయేవాళ్ళకి "అవునండీ, కష్టంగానే ఉంది" చాలు, అది అబద్ధం కాదు కూడా. ఒక్కరిని మాత్రం ఎంచుకుని వాళ్ళకి పూర్తి మాట చెప్పండి, "వెళ్ళలేకపోవడం కాదు, వెళ్ళలేదు" అని. లోకం గుర్తించని దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే ఆయన 1989 నుంచి రాస్తూ వచ్చారు. పక్కవాళ్ళు ఒప్పుకోని దుఃఖం తొందరగా కదలదన్నది ఆయన మాటల సారాంశం. ఒప్పుకోవడానికి ఊరంతా అక్కర్లేదు, ఒక్కరు చాలు.

దర్భశయనం

కర్మ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దకొడుకు ఉండగా ఇంకొకరు చెయ్యకూడదు. పదో రోజు ధర్మోదకాలు, పన్నెండున సపిండీకరణం, అన్నీ వాడే శ్రద్ధగా చెయ్యాలి. శ్రద్ధ లేకుండా చేస్తే అది శ్రాద్ధమే కాదు. కాబట్టి ముందు మనసులో కోపం తీసేసుకుని కూర్చోమని చెప్పండి.

నిదానం

శాస్త్రం మీకు తెలిసినంత నాకు తెలియదు శయనం గారూ. కానీ ఒకటి అడుగుతాను. ఆరోగ్యం బాగోని కొడుకు, దేశాంతరంలో ఉన్న కొడుకు కర్తృత్వం వేరేవాళ్ళకి అప్పగించే పద్ధతి లేదా?

దర్భశయనం

ఉంది. తమ్ముడికో, జ్ఞాతికో అప్పగించవచ్చు. ఎలాగన్నది ఇంటి పురోహితుణ్ణి అడిగి చెయ్యాలి, ఒక్కో ఇంట్లో ఒక్కో ఆచారం. నేను "కూడదు" అన్నది కాస్త ఎక్కువే. అయినా ఈ అబ్బాయి తలకొరివి పెట్టాడు కదా, మొదలుపెట్టినవాడు పూర్తి చెయ్యడం మేలు అంటాను. కోపం గురించి మీరేమంటారు?

నిదానం

శ్రద్ధ అంటే ప్రేమ పొంగడమే అయితే సగం ఇళ్ళలో కర్మలు జరగవండీ. పిండం పెట్టేటప్పుడు చేతులు ఏం చెయ్యాలో మంత్రం చెప్తుంది, మనసులో ఏం ఉండాలో అడగదు. ఇలాంటి కొడుకులకి కర్మలో ఉన్న సుఖం అదే. ఏమనిపించాలో తేలకుండానే చెయ్యవలసిన పని ఒకటి చేతిలో ఉంటుంది. కృష్ణాతీరం గారు వాడితో "ఏం అనిపించకపోయినా ఫరవాలేదు, పంతులుగారు చెప్పింది చెయ్యి" అంటే చాలు. మీరు ఒప్పుకోకపోవచ్చు.

దర్భశయనం

ఒప్పుకోను. కానీ కొట్లాడను కూడా.

కృష్ణాతీరం

కర్మ చేస్తానన్నాడండీ. వాడి భయం వేరే. పెద్దకర్మ రోజు భోజనాల ముందు మైకు ఇచ్చి "నాన్న గురించి రెండు మాటలు" చెప్పమంటారట, బాబాయి ముందే చెప్పాడు. ఆ రెండో ఇంటివాళ్ళు కూడా వస్తున్నారు. ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళు. కార్డులో ఏం వెయ్యాలో కూడా వీణ్ణే అడుగుతున్నారు.

నిదానం

కార్డు సులువు. ప్రెస్సులో మామూలుగా "మా ప్రియతమ తండ్రి, ప్రేమమూర్తి" అని సిద్ధంగా ఉన్న మేటర్ వేసేస్తారు. ప్రూఫు చూసేటప్పుడు ఆ విశేషణాలు కొట్టేయించండి. "మా తండ్రిగారు శ్రీ ఫలానా, ఫలానా తేదీన స్వర్గస్థులైనారు" అని ఉంటే ఎవరికీ లోటు కనిపించదు. వీడు తన పేరు కింద తను నమ్మని మాట అచ్చయి చూసుకోనక్కర్లేదు. ఫ్లెక్సీకీ ఇదే.

మైకు దగ్గర అబద్ధమూ చెప్పనక్కర్లేదు, ఇంటి గుట్టూ విప్పనక్కర్లేదు. జరిగిన సంగతులు మాత్రం చెప్పాలి, గుణగణాలు వద్దు. ఎక్కడ పుట్టారు, ఏ పని చేశారు, ఎన్నేళ్ళు చేశారు, వచ్చినవాళ్ళకి దణ్ణం. ఉదాహరణకి: "మా నాన్న ఫలానా ఊళ్ళో పుట్టారు. ముప్ఫై ఏళ్ళు మిల్లులో లెక్కలు రాశారు. ఆయనతో పనిచేసినవాళ్ళు చాలామంది ఈరోజు వచ్చారు. ఎండలో ఇంత దూరం వచ్చినందుకు మా కుటుంబం తరఫున నమస్కారం." నలభై సెకన్లు పట్టదు. కాగితం మీద రాసి జేబులో పెట్టుకోమనండి. కాగితం లేకపోతే గొంతు ఎటు పోతుందో అప్పటికి తెలీదు. అంతకీ వద్దనుకుంటే ఆ రెండు మాటలూ బాబాయినే చెప్పమని ముందురోజే అప్పగించాలి, మైకు చేతికొచ్చాక కాదు.

అసలు దెబ్బ మైకు దగ్గర ఉండదు. ఆ చిన్న పిల్ల ఏడుస్తూ "నాన్న రోజూ నన్ను బడి దగ్గర దింపేవారు" అంటుంది. అది వీడి చెవిన పడుతుంది. వీడికి ఆ నాన్న దొరకలేదు. ఇలాంటి చావుల్లో నిబ్బరంగా కనిపించినవాళ్ళు ఒక్కసారిగా కూలిపోయేది సరిగ్గా అక్కడే. మీరు ఆ రోజు వెళ్ళగలిగితే ఆ సమయంలో పక్కన ఉండండి. అనాలంటే ఇలా అనండి: "ఆ పిల్ల చూసిన మనిషి వేరు, నువ్వు చూసిన మనిషి వేరు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఈరోజు తేల్చక్కర్లేదు." లేకపోతే ఏమీ అనకుండా "కారు దాకా నడుద్దాం రా" అని బయటికి తీసుకుపోండి. అది ఇంకా మేలు.

గోదారిగట్టు

మరి ఆ ఫోన్ కాల్ మాటో? "నీ తప్పేం లేదు" అనకూడదంటే ఇంకేమంటారు? వాడికి కావలసింది ఆ మాటే కదా.

నిదానం

అనొచ్చు, కానీ మొదటి మాటగా అంటే తలుపు మూసినట్టవుతుంది. వాడు నాలుగుసార్లు చెప్పాడంటే ఆ కాల్ గురించి ఎవరితోనో పూర్తిగా మాట్లాడాలనుకుంటున్నాడు. "ఊరికే చేసి ఉంటాడులే" కూడా వద్దు. మనకి తెలీదు కదా, వాడికీ తెలుసు మనకి తెలీదని.

కలిసినప్పుడు, తొందర లేనప్పుడు, ఒక్క ప్రశ్న అడగండి. "ఎత్తి ఉంటే ఏం మాట్లాడుకునేవాళ్ళు అనుకుంటున్నావ్?" ఇక ఆగండి. ఒకడు "క్షమాపణ అడిగేవాడేమో" అంటాడు. ఇంకొకడు కాసేపు ఆలోచించి "డబ్బు అడిగేవాడు, మళ్ళీ గొడవయ్యేది" అంటాడు. ఏదన్నా మీరు సరిదిద్దకండి. బయటపడేది ఒకటే: వాడు పోగొట్టుకున్నది ఫోన్ కాల్ కాదు, ఎప్పటికైనా ఆయన తప్పు ఒప్పుకుంటాడన్న ఆశ. మనిషి బతికున్నంత కాలం అది మిణుకుమంటూ ఉంటుంది, కోపంగా ఉన్నవాడిలో కూడా. ఇప్పుడు ఆరిపోయింది. దానికి ఏడుపు వస్తుంది, వస్తే రానివ్వండి.

ఆ తర్వాత కూడా తననే నిందించుకుంటుంటే అప్పుడు చెప్పండి: "ఆ రోజు నీకు తెలిసినదాన్ని బట్టి ఎత్తలేదు. ఇవాళ తెలిసినదాన్ని బట్టి శిక్ష వేసుకుంటున్నావు." ఈ మాట ఫోన్‌లో పనిచెయ్యదు. పక్కన కూర్చుని అనాలి.

తులసికోట

పంపని ఉత్తరం రాసుకోమంటారు కదా, చెప్పాలనుకున్నవన్నీ. అది పనిచేస్తుందా? నేను మూడుసార్లు మొదలుపెట్టి "అమ్మా" దగ్గరే ఆగిపోయాను.

నిదానం

కొందరికి పనిచేస్తుంది, అందరికీ కాదు. "అమ్మా" దగ్గర ఆగిపోతే ఆ పిలుపు తీసేసి మొదలుపెట్టండి. "నువ్వు ఏ రోజూ అడగనిది" అని ఒక్క వాక్యం రాసి కాగితం మడిచెయ్యండి, పదిహేను నిమిషాలు మించకుండా. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు, నిద్ర పాడవుతుంది. రాశాక మరింత కుంగిపోతుంటే మానెయ్యండి, అది మీ దారి కాదంతే.

కృష్ణాతీరం (శుక్రవారం, రాత్రి 9:05)

మళ్ళీ రాశాను.

"ఒరేయ్, రాత్రి నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేశాను, నాకేం అనాలో తోచలేదు. నువ్వు మనిషివే. హమ్మయ్య అనిపించడం, కోపం, బాధ అన్నీ ఒకేసారి ఉండొచ్చురా. ఆయన వెళ్ళిపోయాక మీరెలా నెట్టుకొచ్చారో నేను చూశాను. ఆయన గురించి నువ్వు మంచి చెప్పినా చెడు చెప్పినా నా దగ్గర ఒకటే. పదో రోజుకి ముందురాత్రే తెనాలి వస్తున్నాను, పెద్దకర్మ అయ్యేదాకా ఉంటాను. భోజనాల లెక్క, కార్డు ప్రూఫు నాకు వదిలెయ్. దీనికి జవాబు రాయక్కర్లేదు."

ఇందూరు_మల్లన్న

ఇది మంచిగున్నది. "నేను చూశాను" అన్న కాడ నా మనసు నిమ్మళమైంది.

నిదానం

పంపండి. "ఏం కావాలన్నా అడుగు" తీసేసి ఫలానా పని నాది అన్నారు చూడండి, అదే మార్చాల్సింది. దుఃఖంలో ఉన్నవాడికి ఏం కావాలో ఆలోచించి అడగడం కూడా ఒక బరువే.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. పదమూడో రోజు దాటితే ఇల్లు ఖాళీ అవుతుంది, ఫోన్లు ఆగిపోతాయి, ఇలాంటివాళ్ళకి అసలుది అప్పుడే మొదలవుతుంది. నెల మాసికం, ఆయన పుట్టినరోజు, మహాలయ పక్షం, సంవత్సరీకం మీ ఫోన్‌లో ఇప్పుడే పెట్టుకోండి. ఆ రోజు "ఎలా ఉన్నావ్" అని కాకుండా "ఈరోజు మాసికం కదా, సాయంత్రం వస్తున్నా" అనండి.

రెండోది. ఏడవకపోవడం చూసి కంగారుపడకండి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తాగుడు పెరగడం, ఉద్యోగానికి వెళ్ళలేకపోవడం, "నేనూ పోతే పీడా పోతుంది" లాంటి మాట, వీటికి కంగారుపడండి. ఆ మాట వింటే "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి పక్కన కూర్చుని చెయ్యండి, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం అప్పటికప్పుడే ఉందనిపిస్తే 112కి చెయ్యండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చావు ఆలోచన లేకపోయినా, ఆరు నెలలు దాటాక రోజువారీ పనులు సాగనంతగా బెంగ పట్టుకునే ఉంటే డాక్టరుకి చూపించడం మంచిది. దీర్ఘ దుఃఖాన్ని జబ్బుగా లెక్కించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గడువు ఆరు నెలలు. అమెరికా డాక్టర్లు పెద్దవాళ్ళకి ఏడాది అంటారు.

గోదారిగట్టు

నాకింకా ఒక అనుమానం ఉంది. వాళ్ళమ్మ సంగతేంటి? మొగుడు వదిలేసి పోయిన మనిషి. ఇప్పుడు ఆవిడకి పసుపు కుంకుమ తీసే తంతు చేస్తారా? ఆవిణ్ణి ఏమని పలకరించాలి?

దర్భశయనం

చేస్తారు, చెయ్యొద్దన్నా పెద్ద ముత్తైదువలు ఊరుకోరు. మానుకోవచ్చని చెప్పే పురోహితులూ ఉన్నారు.

నిదానం

అది ఆవిణ్ణే అడగాలి, కొడుకు అడగాలి, అందరూ చేరకముందే అడగాలి. "నీకు ఇష్టమేనా" అని. ఆవిడ వద్దంటే కొడుకే అడ్డంగా నిలబడాలి. ఏమని పలకరించాలన్నది పెద్ద ప్రశ్న గోదారిగట్టు గారూ, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి.

కృష్ణాతీరం (శుక్రవారం, రాత్రి 11:20)

పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. పది నిమిషాల తర్వాత కార్డు ప్రూఫు ఫొటో మాత్రం పంపాడు. "ప్రేమమూర్తి" అన్నది ఉంది. ప్రెస్సుకి పొద్దున్నే ఫోన్ చెయ్యాలి.